మాటలు మార్చినా మిగిలే గ్రంథచౌర్యం

వ్యాఖ్యాత: ఆధారాన్ని చూపించి, పదాలన్నీ మార్చి రాసినా మార్గదర్శకులు దాన్ని చౌర్యమంటున్నారని పరిశోధక విద్యార్థులు బాధపడుతున్నారు మేడం. అసలు గీత ఎక్కడుంది?

ఆచార్యులు: ఈరోజు కోసం నేనే రాసిన ఒక వాక్యాన్ని మూలమనుకుందాం. “కాకతీయుల కాలంలో తవ్వించిన గొలుసుకట్టు చెరువుల్లో ఒక చెరువు నిండగానే మిగులు నీరు దిగువ చెరువుకు చేరేది, అందువల్ల వానలు తగ్గిన ఏడాదిలోనూ పంట దక్కేది.” దీన్ని ఒక్క అక్షరం మార్చకుండా కొటేషన్ గుర్తుల మధ్య ఉంచి, రచయిత పేరు, పేజీ సంఖ్య ఇస్తే అది ఉల్లేఖనం. “చెరువులను వరుసగా కలపడం కరువును తట్టుకోవడానికి తోడ్పడిందని రచయిత వాదన” అని రాసి ఆధారం చూపితే అది సారాంశం. ఈ రెండింటి దగ్గర తడబడేవారు తక్కువ.

వ్యాఖ్యాత: చిక్కంతా సొంత మాటల్లో చెప్పడం దగ్గరేనంటారా?

ఆచార్యులు: అవును. ఈ వాక్యం వినండి: “కాకతీయుల యుగంలో నిర్మించిన గొలుసుకట్టు తటాకాల్లో ఒక తటాకం నిండిన వెంటనే అదనపు జలం కింది తటాకానికి వెళ్లేది, కాబట్టి వర్షాలు తగ్గిన సంవత్సరంలో కూడా పైరు దక్కేది.” చెరువు తటాకమైంది, నీరు జలమైంది, ఏడాది సంవత్సరమైంది. వాక్య నిర్మాణం, విషయాల క్రమం, చివరికి ఆ కామా కూడా మూలానివే. తెలుగులో దాదాపు ప్రతి దేశ్య పదానికీ ఒక సంస్కృత పదం సిద్ధంగా ఉంటుంది కనుక, ఈ అతుకుల రాత మనకు మరీ సులువుగా అలవాటవుతుంది.

వ్యాఖ్యాత: చివర ఆధారం ఇచ్చినా తప్పేనా?

ఆచార్యులు: తప్పే. ఆధారం ఆలోచన ఎవరిదో చెబుతుంది. కొటేషన్ గుర్తులు లేనందున వాక్యం మాత్రం విద్యార్థిదేనని పాఠకుడు నమ్ముతాడు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు కాబట్టి, చాలామంది ఆ అంకె తగ్గేవరకు పర్యాయపదాలు మారుస్తూ పోతారు. సాఫ్ట్‌వేర్ ప్రధానంగా పోల్చేది పదాల వరుసను. అది పట్టుకోలేకపోయినంత మాత్రాన వాక్యం సొంతమైపోదు. రెండు పుస్తకాల నుంచి చెరో సగం తెచ్చి కలిపినా, ఇంగ్లీషు పేరాను వాక్యం వెంట వాక్యంగా తెలుగు చేసి అనువాదమని చెప్పకపోయినా ఇదే దోషం.

వ్యాఖ్యాత: మరి సరైన రూపం ఎలా ఉంటుంది?

ఆచార్యులు: మూలాన్ని మూసేసి, అది చెప్పిన కారణాన్ని మనకు అర్థమైన తీరులో రాయాలి. “కరువు ఏడాదిలోనూ పంట దక్కడానికి రచయిత చెరువుల అమరికనే కారణంగా చూపుతారు: పై చెరువు అలుగు పారితే ఆ నీరు వృథా కాకుండా కింది చెరువులో నిలిచేది.” ఇక్కడ ఫలితం ముందుకు వచ్చింది, వాదన రచయితదేనని వాక్యంలోనే తెలుస్తోంది, పేజీ సంఖ్య కూడా చేర్చాలి. ఆ తరువాత మూలాన్ని తెరిచి, వరుసగా ఎన్ని మాటలు కలిశాయో, విషయాల క్రమం అదేనా అని పోల్చి చూడాలి. అలా కలిసిన ప్రతి మాటా దోషం కాదు. “గొలుసుకట్టు చెరువు” ఆ రంగంలో స్థిరపడిన పేరు కనుక, దాన్ని ఏ రూపంలోనైనా యథాతథంగా వాడవచ్చు.