కాలనీ నిమజ్జనం ఊరేగింపు: మైక్ పర్మిషన్ నుంచి కరెంట్ తీగల దాకా

నమస్కారం అండీ. హైదరాబాద్‌లో మా కాలనీ గణేశ్ కమిటీలో ఆరేళ్లుగా కాగితాల పని నాదే. మిగతావాళ్లు విగ్రహం చూడ్డానికి ధూల్‌పేట వెళితే, నేను జిరాక్స్ షాపుకి వెళతాను. నిమజ్జనం రోజు ఊరేగింపుకి ఏమేం చేసుకోవాలో మా లెక్కలతోనే చెబుతాను.

ముందు పర్మిషన్. మంటపం కోసం పోలీసుల వెబ్‌సైట్‌లో వివరాలు నింపుతాం కదా, అందులో నిమజ్జనం తేదీ, చోటు కూడా అడుగుతారు. చాలామంది అక్కడితో పనైపోయిందనుకుంటారు. మేం మాత్రం ఊరేగింపుకీ మైకుకీ విడిగా అర్జీ రాసి, పది రోజుల ముందే స్టేషన్‌లో ఇస్తాం. ఎందుకంటే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి తప్పనిసరి. "చేసుకోండి, ఏం కాదులే" అని ఎవరో నోటితో చెబితే అది అనుమతి కాదు. ఆ రోజు డ్యూటీలో వేరే వాళ్లుంటారు, వాళ్లకి మీరెవరో తెలియదు.

(స్క్రీన్ మీద అర్జీ చూపించాలి)

ఇదిగో మా అర్జీ. బాధ్యులు ముగ్గురి పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు. ట్రాక్టర్ నంబరు, డ్రైవర్ లైసెన్స్ కాపీ. ఎంతమంది వస్తారు, ఎన్ని స్పీకర్లు. కింద చేత్తో గీసిన రూట్ మ్యాప్. ఇందులో ప్రతి మలుపునీ గుర్తుగా రాశాను: "కిరాణా కొట్టు దగ్గర ఎడమకి" అన్నట్టు. ఆసుపత్రి, స్కూలు, కోర్టు చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్‌గా ప్రకటిస్తారు. మా దారిలో ఒక నర్సింగ్ హోమ్ ఉంది. అక్కడ మైకు ఆపేస్తామని మేమే ముందుగా రాశాం, ఆ ముక్క రెడ్ పెన్నుతో ఉంది చూడండి. అర్జీ ఇచ్చాక రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. పర్మిషన్ లెటర్ చేతికొచ్చాక వెనక పేజీలో షరతులుంటాయి, అవి చదవండి.

నేను ఒకసారి చదవలేదు. లెటర్‌లో బయల్దేరే టైమ్ సాయంత్రం ఐదు అని ఉంది. పూజ, వేలంపాట అయ్యేసరికి ఎనిమిదిన్నర. రాత్రి పది కొట్టేసరికి మేం ఇంకా సగం దారిలోనే ఉన్నాం. మైకు ఆపించేశారు, మిగతా దారంతా చప్పట్లతో నడిచాం. తప్పు మాదే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశంలో లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగలకి అర్ధరాత్రి 12 దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. మీ నిమజ్జనం రోజు ఆ లెక్కలోకి వస్తుందో లేదో స్టేషన్‌లోనే అడగండి, ఊహించుకోవద్దు. ఇప్పుడు మేం వేలంపాట ముందు రోజే పెట్టేస్తున్నాం.

ఇక సౌండ్. ఇళ్లున్న ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. లౌడ్‌స్పీకర్ వాడే బహిరంగ స్థలం హద్దు దగ్గర, ఆ పరిమితి కన్నా 10 ఎక్కువ, లేదా 75, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. అంటే మన వీధికి పగలు 65. ఇది ఎంతో తెలియాలంటే చిన్న లెక్క. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. స్పీకర్‌కి మీటరు దూరంలో 85 ఉంటే రెండు మీటర్లకి 79, నాలుగుకి 73, ఎనిమిదికి 67. అదే మీటరు దగ్గర 100 ఉంటే ఎనిమిది మీటర్లకి కూడా 82 ఉంటుంది. పైగా మన వీధుల్లో రెండు పక్కలా గోడలు, శబ్దం అటూ ఇటూ కొట్టుకుని ఇంత కూడా తగ్గదు. అందుకే పెద్ద బాక్సులు పెట్టి "వాల్యూమ్ తగ్గిస్తాంలే" అంటే నడవదు. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు కూడా. మేం రెండు చిన్న బాక్సులు, కిందికి వంచి, మేడల వైపు కాకుండా నడిచేవాళ్ల వైపు తిప్పి పెడతాం. మిగతాది డప్పులు. నిజం చెప్పాలంటే డప్పులతోనే కుర్రాళ్లు ఎక్కువ ఆడుతున్నారు. అవీ సందడే కాబట్టి నర్సింగ్ హోమ్ దగ్గర వాటినీ ఆపుతాం.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే విషయం, కరెంట్ తీగలు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు జరిగింది. రథాన్ని లాగే బండి ఆగిపోతే మనుషులు చేతులతో లాగారు. రథానికి కరెంట్ తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వార్త వచ్చిన రోజు నేను మా విగ్రహం ఎత్తు మళ్లీ లెక్కేశాను.

(వైట్‌బోర్డు చూపించాలి)

ట్రాలీ నేల నుంచి మూడున్నర అడుగులు. దాని మీద చెక్క పీట ఒకటిన్నర. విగ్రహం తొమ్మిది. వెనక మకర తోరణం రెండు. మొత్తం పదహారు అడుగులు. వీధికి అడ్డంగా వెళ్లే మామూలు ఇంటి సరఫరా తీగ కనీసం 5.8 మీటర్ల ఎత్తులో, అంటే సుమారు 19 అడుగుల్లో ఉండాలి. కాగితం మీద మూడడుగుల ఖాళీ కనిపిస్తోంది. కానీ తీగలు సాగి కిందికి వేలాడతాయి. వాటి కింద కేబుల్ టీవీ, ఇంటర్నెట్ వైర్లు ఇంకా కిందికి ఉంటాయి. పైన కరెంట్ తీగకి రాసుకున్న కేబుల్ వైర్‌లోకి కరెంట్ రావచ్చు. "అది కేబులే" అని చేత్తో పట్టుకోవద్దు. విగ్రహం పైదాకా ఎక్కి చెయ్యెత్తితే మనిషే ఆ మూడడుగుల ఖాళీని నింపేస్తాడు.

కాబట్టి వారం ముందు కరెంట్ వాళ్ల సెక్షన్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, లైన్‌మన్‌తో కలిసి దారంతా నడవండి. టేపు, ఇనప రాడ్డు పైకెత్తి మీరు కొలవొద్దు. మా దారిలో రెండు చోట్ల తీగ కిందికి ఉందని ఆయన చెప్పారు. ఒకటి బిగించారు. రెండోది కుదరక, ఆ సందు వదిలేసి పెద్ద రోడ్డు మీదుగా రూట్ మార్చి, స్టేషన్‌లో కొత్త మ్యాప్ ఇచ్చాం. తీగ కింద నుంచి వెళ్లక తప్పని చోట లైన్‌మన్ ఎల్‌సీ తీసుకోవాలి, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఆ లైన్ ఆపించి ఖాయం చేసుకోవడం. ఇంట్లో లైట్ ఆరింది కదా అని కదలొద్దు, "ఎల్‌సీ వచ్చింది" అని ఆయన నోటితో అన్నాకే ట్రాక్టర్ కదలాలి. వెదురు కర్రతో తీగ ఎత్తి బండి దాటించడం మా కమిటీలో నిషేధం. వాన పడ్డాక తడిసిన వెదురు కర్రలోంచి కరెంట్ పాకుతుంది.

ఒకవేళ తగిలిందే అనుకోండి. బండి మీదున్నవాళ్లు దిగకూడదు, కిందున్నవాళ్లు బండిని గానీ, షాక్ కొట్టిన మనిషిని గానీ ముట్టుకోకూడదు. 1912కి, 112కి ఫోన్ చేసి, కరెంట్ ఆగిందని తేలాకే దగ్గరికి వెళ్లాలి. మా లైన్‌మన్ నంబరు డ్రైవర్ అద్దం పక్కన అంటిస్తాం.

డ్రైవర్ గురించి ఒక్క మాట. మందు తాగలేదని చూసుకోండి, డీజిల్ ఫుల్ చేయించండి. దారి మధ్యలో బండి ఆగిపోతే చేతులతో లాగకుండా, అక్కడే ఉంచి ఇంకో ట్రాక్టర్ పిలిపిస్తాం. దాని ఓనర్ నంబరు కూడా అదే అద్దం పక్కన ఉంటుంది. ట్రాలీ చుట్టూ తాడు పట్టుకుని ఎనిమిది మంది నడుస్తారు, చక్రాల దగ్గర పిల్లలు ఉండకుండా వాళ్లే చూస్తారు. రోడ్డులో ఒక పక్క అంబులెన్స్ పట్టేంత ఖాళీ వదలాలి, సైరన్ వినిపిస్తే ముందు మైకు ఆపుతాం, తర్వాతే జనాన్ని జరుపుతాం. మైకు ఆపకపోతే ఆ సైరన్ ఎవరికీ వినపడదు.