జుట్టు ఎప్పుడు ఊడుతుంది, పేరు ఎవరికి వస్తుంది?

అందరికీ నమస్కారం. నేను చర్మవ్యాధుల డాక్టర్‌ని. వానాకాలం పోయి చలి మొదలయ్యే రోజుల్లో హనుమకొండలోని మా క్లినిక్‌లో ఎక్కువగా వినబడే మాట ఒకటుంది: "దువ్వెన పెడితే చాలు, కుచ్చులు కుచ్చులు ఊడిపోతాంది మేడమ్." ఆ మాట అంటూనే సంచిలోంచి ఒక షాంపూ సీసా, బయోటిన్ అనే విటమిన్ బిళ్లల డబ్బా ఒకటి తీసి టేబుల్ మీద పెడతారు. ఇవి పనిచేస్తాయా అని అడుగుతారు. దానికి జవాబు చెప్పాలంటే ముందు జుట్టు లెక్క తెలియాలి.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ల దాకా పెరుగుతుంది. తర్వాత పెరగడం ఆపి, మూడు నెలల పాటు కుదురులోనే ఉండి రాలిపోతుంది. మామూలు రోజుల్లో పదోవంతు, అంటే పది వేల వెంట్రుకలు ఈ విశ్రాంతి దశలో ఉంటాయి. ఆ పది వేలు దాదాపు వంద రోజుల్లో రాలాలి కదా, అంటే రోజుకు వంద. అంతవరకు రాలడం జబ్బు కాదు.

ఇప్పుడు ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఊరు నర్సంపేట, వరంగల్‌లో హాస్టల్‌లో ఉండి చదువుతోంది. సెప్టెంబర్‌లో డెంగీ వచ్చింది. వారం రోజులు జ్వరం, తిండి లేదు. ఆ దెబ్బకు పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్లిపోయాయి. కానీ ఆ రోజు ఒక్కటి కూడా ఊడలేదు, వాటికి మూడు నెలల గడువుంది. డిసెంబర్‌లో ఊడడం మొదలైంది. అప్పటికి జ్వరం సంగతి ఎవరికీ గుర్తులేదు. "హాస్టల్ నీళ్లు పడలేదు" అనుకున్నారు. మన దగ్గర ఏ జుట్టు సమస్యకైనా నీళ్ల మీద కేసు పెట్టడం అలవాటు. టైఫాయిడ్ తర్వాతా, కాన్పు తర్వాతా జరిగేది ఇదే.

ఆ అమ్మాయి జనవరిలో హెయిర్ గ్రోత్ షాంపూ కొన్నది. ఫిబ్రవరిలో బయోటిన్ మొదలుపెట్టింది. ఏప్రిల్ వచ్చేసరికి ఊడడం తగ్గింది, నుదుటి అంచున పొట్టి పొట్టి కొత్త వెంట్రుకలు లేచాయి. పేరు షాంపూకీ బిళ్లకీ వచ్చింది. అయితే ఆ అమ్మాయి ఏమీ వాడకపోయినా ఏప్రిల్‌కి ఇదే జరిగేది. జ్వరం తర్వాత ఊడే జుట్టు చాలావరకు మూడు నుంచి ఆరు నెలల్లో తనంతట తానే ఆగుతుంది. "నాకు పనిచేసింది" అనే మాట అబద్ధం కాదు, అందులో పని చేసింది కాలం.

షాంపూ తల మీద ఉండేది రెండు మూడు నిమిషాలు. మురికి, జిడ్డు తీయడం దాని పని. సీసా మీద "హెయిర్ ఫాల్ తగ్గిస్తుంది" అని ఉంటే పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉందేమో చూడండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో చాలాసార్లు "తెగిపోవడం వల్ల కలిగే హెయిర్ ఫాల్" అని రాసి ఉంటుంది. తేడా మీరే పరీక్షించుకోవచ్చు. దువ్వెనలోని వెంట్రుకను వెలుతురులో పట్టి చివర చూడండి. చివర చిన్న తెల్లని బుడిపె ఉంటే అది గడువు తీరి రాలింది. బుడిపె లేకుండా మొండిగా ఉంటే మధ్యలో తెగింది. షాంపూ, కండిషనర్ ఏమైనా మేలు చేస్తే ఆ తెగే వెంట్రుకలకే. తెల్ల బుడిపెను చూసి "వేరుతో సహా వచ్చేసింది, ఇక మొలవదు" అని చాలామంది భయపడతారు. వేరు లోపలే ఉంది, మళ్లీ మొలుస్తుంది. కెఫీన్ షాంపూ జుట్టు రాలడాన్ని తగ్గిస్తుందన్న ప్రకటనను బ్రిటన్‌లో ప్రకటనల నియంత్రణ సంస్థ 2018లో తప్పుపట్టింది, చూపిన ఆధారాలు చాలవని. కీటోకోనజోల్ షాంపూ చుండ్రుకు మంచి మందే. జుట్టు పెంచుతుందనడానికి ఉన్నవి చిన్న చిన్న అధ్యయనాలు.

బయోటిన్ సంగతి కాస్త వివరంగా చెబుతాను, దీంతో చిక్కు కూడా ఉంది కాబట్టి. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములు. గుడ్డు, పల్లీలు తినే ఇంట్లో అది సులభంగా అందుతుంది. షాపులో దొరికే 10 మిల్లీగ్రాముల బిళ్లలో దానికి మూడు వందల రెట్లకు పైగా ఉంటుంది. 2017లో ఒక సమీక్ష, బయోటిన్‌తో జుట్టో గోళ్లో బాగుపడ్డాయని నమోదైన కేసులన్నీ వెతికితే దొరికినవి 18. వాళ్లందరికీ ముందే ఏదో ఒక లోపం గానీ జబ్బు గానీ ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు జుట్టు పెంచుతుందని చూపే గట్టి పరీక్ష లేదు.

చిక్కు ల్యాబ్‌లో వస్తుంది. మన అమ్మాయికి మార్చిలో థైరాయిడ్ పరీక్ష చేయించారనుకోండి. కొన్ని యంత్రాలు రక్తంలోని హార్మోన్‌ను పట్టుకోవడానికి బయోటిన్‌నే కొక్కెంలా వాడతాయి. రక్తంలో బిళ్ల తాలూకు బయోటిన్ నిండి ఉంటే లెక్క తప్పుతుంది: టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా కనబడుతుంది. లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. గుండెపోటు అనుమానంతో చేసే ట్రోపోనిన్ పరీక్షలో ఫలితం తప్పుగా తక్కువ చూపే ప్రమాదముందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. కాబట్టి రక్తపరీక్షకు ముందు బిళ్ల సంగతి చెప్పండి. థైరాయిడ్ పరీక్షకైతే కనీసం రెండు రోజుల ముందు ఆపండి. ఊడడం ఆరు నెలలు దాటినా ఆగని ఆడపిల్లలకు నేను ముందు చూసేది బయోటిన్ కాదు, ఐరన్ నిల్వ, థైరాయిడ్.

జుట్టు మొలవడానికి తలకు రాసే మందు మినాక్సిడిల్ కథ దీనికి తలకిందులు. ఇది మొదట బీపీ బిళ్ల. మింగినవాళ్లకు ఒంటి మీద జుట్టు పెరగడం చూసి లోషన్ చేశారు. 1988లో అమెరికాలో మగవాళ్ల బట్టతలకు అనుమతి వచ్చింది. 2002లో అచ్చయిన ఒక పరీక్షలో 393 మంది మగవాళ్లను 48 వారాలు చూశారు. మందు లేని లోషన్ కంటే మందు ఉన్నది మెరుగ్గా పనిచేసింది, 2 శాతం మందున్న లోషన్ కంటే 5 శాతం మందున్న దానితో 45 శాతం ఎక్కువ జుట్టు మొలిచింది. అంటే ఈ మూడింటిలో ఆధారం ఉన్న మందు ఇదే. కానీ ఇది వంశపారంపర్యంగా పలచబడే జుట్టుకు. మగవాళ్లకు కణతల దగ్గరా నడినెత్తినా, ఆడవాళ్లకు పాపిట వెడల్పవుతూ కనబడేది. నున్నగా మెరిసే చోట పెద్దగా మొలిపించదు.

దీన్ని జనం మధ్యలో వదిలేయడానికి కారణం కూడా ఆ మూడు నెలల గడువే. మందు విశ్రాంతిలో ఉన్న కుదుళ్లను తొందరగా లేపుతుంది. కొత్త వెంట్రుక వస్తూ పాతదాన్ని తోసేస్తుంది. అందుకే మొదటి రెండు నుంచి ఎనిమిది వారాల్లో కొందరికి ఊడడం పెరుగుతుంది. "ఉన్నది కూడా పోతాంది" అని సరిగ్గా అప్పుడే సీసా పారేస్తారు. ఫలితం కనబడేది నాలుగో నెలలో. ఏడాది వాడితే గానీ పూర్తిగా తెలియదు. ఆపితే వచ్చిన జుట్టు కొన్ని నెలల్లో పోతుంది.

వాడేదెలా అంటే, మగవాళ్లు పూటకు ఒక మిల్లీలీటరు, రోజుకు రెండు పూటలు. 60 మిల్లీలీటర్ల సీసా సరిగ్గా నెల వస్తుంది. రెండు నెలలు వచ్చిందంటే సగమే పూస్తున్నారన్నమాట. పొడి తల మీద, పాపిట తీసి, జుట్టుకు కాదు, చర్మానికి తగలాలి. చేతులు కడుక్కోవాలి, ఆరాకే పడుకోవాలి. తడి మందు నుదుటికో చెంపకో అంటితే అక్కడా నూగు రావచ్చు. దురద, పొట్టు వస్తే చాలాసార్లు కారణం లోషన్‌లోని ప్రొపిలీన్ గ్లైకాల్, అప్పుడు ఫోమ్‌కి మారుస్తాం. ఇంట్లో పిల్లి ఉంటే అది తల నాకకుండా చూడండి, దానికి ఇది విషం.

ముందు వరుసలోంచి ఒక చీటీ వచ్చింది: "కాన్పయి నాలుగు నెలలు, బాబు పాలు తాగుతున్నాడు, మినాక్సిడిల్ రాయొచ్చా?" వద్దమ్మా. గర్భంలో, పాలిచ్చే రోజుల్లో వాడొద్దు. కాన్పు తర్వాత మూడు నాలుగు నెలలకు ఊడడం ఇందాక చెప్పిన గడువు లెక్కే. బాబు మొదటి పుట్టినరోజు నాటికి చాలామందికి సర్దుకుంటుంది. అప్పటికీ పాపిట వెడల్పుగానే ఉంటే ఓసారి వచ్చి చూపించండి. వచ్చేటప్పుడు కాన్పుకు ముందు పాపిట కనబడేలా దిగిన పాత ఫోటో ఏదైనా ఉంటే తీసుకురండి, పోల్చి చూద్దాం.