స్కోప్ క్రీప్ తెచ్చేది క్లయింటు కాదు, మన నోట్లోని "సరేనండి"!

"అన్నా, మొదటిసారి ప్రాజెక్టు టీమ్‌లో చేరాను. ప్రాజెక్ట్ స్కోప్, ప్రొడక్ట్ స్కోప్, స్కోప్ క్రీప్... వీటికి తేడా ఏంటి?"

ముందు ఒక మాట గట్టిగా చెప్తాను. ఒప్పుకోని పని మెల్లగా ప్రాజెక్టులోకి దూరిపోవడమే స్కోప్ క్రీప్. ఆ మాట అనగానే అందరూ క్లయింటునే తిడతారు. తప్పు! అడగడం క్లయింటు హక్కు. క్రీప్ పుట్టేది ఫోన్లో మనం "సరేనండి, చేసేద్దాం" అన్న చోట.

ఒక క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ యాప్ చేస్తున్నారనుకోండి. పేషెంటు డాక్టర్ని ఎంచుకోవాలి, టైమ్ బుక్ చేసుకోవాలి, ఇంగ్లీషులో ఎస్సెమ్మెస్ రావాలి. తయారయ్యే యాప్ ఏమేం చెయ్యాలో చెప్పేది ప్రొడక్ట్ స్కోప్. దాన్ని క్లినిక్ చేతిలో పెట్టేదాకా మనం చేసే పనంతా ప్రాజెక్ట్ స్కోప్: డిజైన్, కోడింగ్, టెస్టింగ్, మెసేజ్ టెంప్లేట్‌ని టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించడం, రిసెప్షన్ వాళ్లకి ట్రైనింగ్. ఆ ట్రైనింగ్ యాప్‌లో ఎక్కడా కనపడదు. అయినా అది మిగిలితే ప్రాజెక్టు పూర్తి కాలేదు.

ఇప్పుడు క్లయింటు ఫోన్ చేశాడు: "ఆ మెసేజ్ తెలుగులో పంపండి, అంతే."

అంతేనా? ప్రొడక్ట్ స్కోప్‌లో మారింది ఒక్క లైనే. పని చూడండి! ఒక ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో 70. అది దాటితే 67 చొప్పున ముక్కలవుతుంది. పైగా గుణింతం గుర్తు కూడా విడిగా లెక్క: "గారూ" అంటే మనకి రెండక్షరాలు, ఎస్సెమ్మెస్‌కి నాలుగు. మెసేజ్ 150 అయితే ఇంగ్లీషులో ఒక్కటే, తెలుగులో మూడు. రోజుకి 400 మెసేజ్‌లు పంపితే 1200 మెసేజ్‌లకి బిల్లు! కొత్త టెంప్లేట్ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, అప్రూవల్ వచ్చేదాకా మెసేజ్ వెళ్లదు. డాక్టర్ల పేర్లు డేటాబేస్‌లో ఇంగ్లీషులో ఉన్నాయి, వాటిని తెలుగులో ఎవరు ఎక్కిస్తారు?

ఇవన్నీ రోజులతో, ఖర్చుతో చేంజ్ రిక్వెస్ట్‌గా రాసి, క్లయింటు ఒప్పుకుని, ప్లాన్‌లో తేదీ మారితే అది క్రీప్ కాదు, ఎంత పెద్ద మార్పయినా సరే. అదే తేదీ, అదే బడ్జెట్ ఉంచి పని మాత్రం లోపలికి వచ్చేస్తే, అదీ క్రీప్! మన డెవలపర్ ఎవరూ అడక్కుండా డార్క్ మోడ్ పెట్టినా జరిగేది ఇదే. దాన్ని గోల్డ్ ప్లేటింగ్ అంటారు. బాగుందని మెచ్చుకోకండి, దానికీ టెస్టింగ్ చెయ్యాలి కదా!

పసిగట్టడం ఎలా? పొద్దున మీటింగ్‌లో ఒకరు రెండ్రోజులుగా చేస్తున్న పని ప్లాన్ షీట్‌లో వెతకండి. అక్కడ కనపడలేదా? క్రీప్ వచ్చేసినట్టే.

అందుకే ఫోన్లో ఇలా అనండి: "రాసుకున్నానండి, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అవుతుందో చూసి మా లీడ్ చెప్తారు." ఫోన్ పెట్టగానే ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఏ తేదీన అన్నది మీ లీడ్‌కి మెయిల్ కొట్టండి. జవాబు వచ్చేదాకా కోడ్‌లో ఒక్క లైను కూడా ముట్టుకోకండి.