దానపత్రంలో రాయని ఆ ఒక్క వాక్యం

సభకు నమస్కారం. పేరుపేరునా పలకరించాలని ఉంది గానీ, మందులేసుకుని వచ్చినవాళ్లు ఎక్కువసేపు కూర్చోలేరు. అందుకని నేరుగా విషయంలోకి వెళ్తాను.

పిల్లలకు భూమి రాసివ్వడానికి వీలునామా మంచిదా, గిఫ్ట్ డీడ్ మంచిదా అని అడుగుతున్నారు. ఒక లెక్క వేద్దాం. 68 ఏళ్ల తండ్రి, సొంత సంపాదనతో కొన్న 3 ఎకరాలు, ఒక కొడుకు, ఒక కూతురు. ప్రభుత్వ మార్కెట్ విలువ ఎకరాకు 10 లక్షలనుకుందాం. మొత్తం 30 లక్షలు. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, వాళ్ల చేత కూడా పెట్టిస్తే చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. గిఫ్ట్ డీడ్‌కు మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదు, ఇద్దరు సాక్షులూ తప్పరు. డ్యూటీ మార్కెట్ విలువ మీద పడుతుంది. కుటుంబ సభ్యులకు ఇస్తే రేటు తక్కువే, అయినా ప్రతి ఒక్క శాతానికి 30 వేలు. రేపు మనసు మారితే ఆ డబ్బు తిరిగి రాదు.

అసలు తేడా డబ్బులో లేదు. వీలునామాను బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. అప్పటిదాకా పాస్‌పుస్తకం తండ్రి పేరునే ఉంటుంది. దాని చిక్కు తండ్రి పోయాక మొదలవుతుంది. తగాదా వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకొచ్చి చెప్పాలి, అందుకే సాక్షులుగా మీకంటే వయసులో చిన్నవాళ్లను పెట్టుకోండి. భూమి దక్కేవాళ్లనే సాక్షులుగా పెడితే అనుమానానికి తావిచ్చినట్టే.

గిఫ్ట్ డీడ్ అలా కాదు. రిజిస్టరై, కొడుకు స్వీకరించిన రోజునే భూమి అతనిది. పాస్‌పుస్తకం మారుతుంది, అతను తాకట్టు పెట్టొచ్చు, అమ్మొచ్చు. తండ్రి ఒక్కడే వెళ్లి రద్దు దస్తావేజు రాయించినా అది నిలవదు. "నాకు ఇష్టం లేనప్పుడు రద్దు చేసుకుంటాను" అని ముందే రాసినా ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 126 ఒప్పుకోదు. మోసం చేసి రాయించుకున్నారంటే, ఆ సంగతి తెలిసిన 3 ఏళ్లలోగా సివిల్ కోర్టుకెళ్లాలి.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు మాట. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో సెక్షన్ 23 ఉంది. చూసుకుంటాడన్న షరతుతో 60 ఏళ్లు నిండినవాళ్లు ఆస్తి ఇస్తే, ఆ తర్వాత చూసుకోకపోతే, ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు. షరతు ఉంటేనే, అమ్మా! 2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. మన దస్తావేజుల్లో ఏముంటుంది? "ప్రేమాభిమానాలతో ఇచ్చితిని" అని. పోషణ మాట ఉండదు. రాసే ఆయన పాత నమూనా తీసి పేర్లు, సర్వే నంబర్లు, హద్దులు మారుస్తాడు, మీరు వేలిముద్ర వేస్తారు. ఒక్క వాక్యం లేక ఆ తలుపు మూసుకుపోతుంది. ఇది నాకు మింగుడు పడదు, అందుకే ప్రతి సభలోనూ చెబుతున్నాను.

ఆ వాక్యం రాసుకోండి, కాగితం ఉందా? "దానగ్రహీత దాతకు జీవితాంతం తిండి, బట్ట, వసతి, వైద్యం సమకూర్చవలెను. తప్పినచో 2007 చట్టం సెక్షన్ 23 కింద ఈ దానము రద్దు కోరు హక్కు దాతకు కలదు." ఇది రిజిస్టరైన దస్తావేజులోనే ఉండాలి. అప్పుడు రేపు కొనబోయేవాడు "నాకు తెలియదు" అనలేడు.

రెండో జాగ్రత్త, జీవితకాల అనుభవ హక్కు అట్టిపెట్టుకోవడం. పంట, కౌలు మీవే, భూమి కొడుకుది. స్వాధీనం ఇవ్వకపోయినా అలాంటి దానం చెల్లుతుందని 2014లో మన రేణికుంట్ల రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ గమనించండి, ఆ కేసులో దానం చేసిన మనిషి తర్వాత రద్దు చేసుకోబోతే కుదరలేదు. అనుభవ హక్కు మిమ్మల్ని పొలంలో ఉంచుతుందే తప్ప దానాన్ని వెనక్కి తేదు. వెనక్కి తేవడానికి షరతు వాక్యమే కావాలి. మళ్లీ అక్కడికే వచ్చాను, చూశారా?

మన 68 ఏళ్ల ఆయనకైతే, కొడుకు ఇప్పుడే సాగు చేస్తూ తన పేరున పంట రుణం కావాలంటే ఒకటిన్నర ఎకరం షరతుతో దానం చేసి, మిగతా ఒకటిన్నర కూతురికి వీలునామా రాయడం మేలంటాను. పూర్తిగా చేతులు ఖాళీ చేసుకోవద్దు. పిత్రార్జితమైతే ఈ లెక్క మారుతుంది, కూతురికి పుట్టుకతోనే వాటా ఉంటుంది, మీ వాటాకు మించి వీలునామా రాయలేరు.

ఇప్పటికే రాసిచ్చేసినవాళ్లు ఉన్నారా? చేతులెత్తక్కర్లేదు. అదే రోజు కొడుకు విడిగా పోషిస్తానని రాసిచ్చిన కాగితం ఉందేమో ఇంట్లో వెతకండి. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అలాంటి కాగితాన్ని దానపత్రంతో కలిపి చదివి, తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించారు. అది దొరికితే దస్తావేజు నకలు, వయసు రుజువు, మందుల బిల్లులు కలిపి ఆర్డీవో ఆఫీసులో అర్జీ పెట్టండి. దస్తావేజులు వెంట తెచ్చుకున్నవాళ్లు సభ అయ్యాక ఆగండి, చదివి చెబుతాను.