"ఎంతో కొంత" అనకుండా జీతం అడగడం

నమస్కారం. ఈరోజు మీకు ఒక చిన్న సంభాషణ వినిపిస్తాను. ఒక ఉద్యోగి జీతం పెంచమని తన మేనేజర్‌ని అడుగుతోంది. రెండు గొంతులూ నావే, కాబట్టి ఎవరి మాటో చెబుతూ వెళ్తాను.

ముందుగా, మనలో చాలామంది ఎలా అడుగుతారో వినండి. "సార్, ఖర్చులు బాగా పెరిగిపోయాయి. మీరే ఏదో ఒకటి చూడాలి. ఎంతో కొంత పెంచండి సార్." నా మొదటి ఉద్యోగంలో నేనూ సరిగ్గా ఇలాగే అడిగాను. ఎంతో కొంత అని అడిగితే వచ్చేదీ ఎంతో కొంతే. ఎందుకంటే చాలాచోట్ల మేనేజర్ ఒక్కడే జీతం తేల్చలేడు. పైవాళ్ల దగ్గరికి వెళ్లి కారణం చెప్పాలి. మన ఇంటి ఖర్చు అక్కడ కారణంగా నిలవదు. మన పని నిలుస్తుంది.

ఇప్పుడు మన ఉద్యోగి మాట వినండి.

"సార్, నా జీతం గురించి మాట్లాడాలనే విడిగా 20 నిమిషాలు అడిగాను. మన టీంలో ఒకరు మానేసి 8 నెలలైంది. ఆ పని కూడా నేనే చూస్తున్నాను. నెలాఖరు లెక్కలు ముగించడానికి అప్పట్లో 6 రోజులు పట్టేది, ఇప్పుడు 3 రోజుల్లో అయిపోతోంది. అందుకని నా జీతం 15 శాతం పెంచమని అడుగుతున్నాను."

అంతే. ఇక్కడ ఆగింది. మీరూ నాతో ఆగండి... ఒకటి... రెండు... మూడు... నాలుగు...

ఎంత ఇబ్బందిగా ఉందో చూశారా? ఆ నిశ్శబ్దం భరించలేక మనమే "పోనీ 10 అయినా పర్వాలేదు సార్" అనేస్తాం. ఎదుటివాళ్లు నోరు తెరవకముందే 5 శాతం వదిలేసుకుంటాం. "10 నుంచి 15 మధ్య" అన్నా అంతే, వాళ్ల చెవిన పడేది 10 ఒక్కటే. ఆమె ఒక్క అంకె చెప్పి ఆగింది.

మేనేజర్ అన్నాడు: "15 అంటే చాలా ఎక్కువండి. అందరికీ 5 శాతమే అనుకున్నాం. ఈసారి బడ్జెట్ లేదు."

బడ్జెట్ లేదు. ఈ మాట వినగానే "సరే సార్" అని లేచి వచ్చేస్తాం. కానీ ఆ మాటకు మూడు అర్థాలున్నాయి. డబ్బు అసలే లేదని ఒకటి. మీరు అడిగినంత లేదని ఇంకొకటి. ఉంది గానీ ఇచ్చే అధికారం నాది కాదని మూడోది. వీటిలో ఏదో అడిగితేనే తెలుస్తుంది. ఆమె అడిగింది.

"అర్థమైంది సార్. బడ్జెట్ అసలే లేదా, 15 శాతానికి సరిపడా లేదా?"

మేనేజర్ అన్నాడు: "అంత లేదు. 9 వరకు నేను చేయగలను. ఆపైన డైరెక్టర్ గారు ఒప్పుకోవాలి."

ఆమె గొంతు పెంచలేదు, పక్కవాళ్ల జీతం ఎత్తలేదు, వేరే కంపెనీలో లేని ఆఫర్ ఉందని బెదిరించలేదు. "అయితే అక్కడికే వెళ్లండి" అంటే నిలబడటానికి చోటుండదు కదా. ఒక్క ప్రశ్నతో 5 కాస్తా 9 అయింది.

నిజంగానే డబ్బు అసలు లేని సంవత్సరాలూ ఉంటాయి. అప్పుడు అంకె కోసం పట్టుబడితే లాభం లేదు. మళ్లీ ఎప్పుడు మాట్లాడదామో తేదీ అడగాలి.

ఆమె ఇంకా లేవలేదు.

"థ్యాంక్స్ సార్. వచ్చే నెల నుంచి 9 చేయండి. మిగతా 6 శాతం గురించి 6 నెలల తర్వాత మాట్లాడదాం. అప్పుడు డైరెక్టర్ గారికి చూపించడానికి నేను ఏం చేసి ఉండాలి?"

మేనేజర్ అన్నాడు: "సరే. లెక్కలు 3 రోజుల్లోనే, తప్పులు లేకుండా ముగియాలి. కొత్తగా చేరే వ్యక్తికి మీరు పని నేర్పాలి. ఈ రెండూ జరిగితే నేనే వెళ్లి అడుగుతాను."

మీరు అడగబోయే ముందు రోజు స్నేహితుల్లో ఒకరిని మేనేజర్‌గా కూర్చోబెట్టండి. మీరు ఏం చెప్పినా "బడ్జెట్ లేదు" అనమనండి. అంకె చెప్పేచోట మన గొంతు సన్నబడుతుంది. అది మామూలుగా పలికేదాకా ఆ ఒక్క వాక్యాన్నే మళ్లీ మళ్లీ పైకి అనండి.

6 నెలల్లో మేనేజర్ మారిపోవచ్చు, మాట మరిచిపోవచ్చు. అందుకే ఆమె ఆ సాయంత్రమే మెయిల్ పంపింది. అందులో ఉన్నదింతే: "సార్, ఈరోజు మనం అనుకున్న ప్రకారం వచ్చే నెల నుంచి 9 శాతం పెంపు. లెక్కలు 3 రోజుల్లో తప్పులు లేకుండా ముగిస్తూ, కొత్తవారికి పని నేర్పితే, 6 నెలల తర్వాత మిగతా 6 శాతం గురించి డైరెక్టర్ గారిని అడుగుతానన్నారు. నేను ఏదైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే చెప్పగలరు."