మూడు సీసాలు ఎదురుగా పెట్టుకుని
(గుంటూరు బ్రాడీపేటలో పెన్షనర్ల నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, పెద్దలకు, వెనక ఫ్యాను కింద కూర్చున్న అదృష్టవంతులకు నమస్కారం. ఈ ఉక్కలో శాలువా కూడా కప్పారు కాబట్టి ఎక్కువసేపు నిలబెట్టరని ఆశ.

నాకిచ్చిన అంశం ‘వయసు మీరాక కంటి సంరక్షణ’. అది డాక్టర్లు చెప్పాల్సింది. నేను ఆసుపత్రిలో మందుల కిటికీ వెనక కూర్చున్నవాణ్ణి. సీసా చేతికిచ్చి ‘రోజుకు నాలుగుసార్లు’ అనేలోపే వెనకవాడు చీటీ లోపలికి తోసేవాడు. ఎలా వేసుకోవాలో చెప్పడానికి ఆ క్యూలో ఎవరికీ తీరిక ఉండదు. అందుకని ఇవాళ చుక్కల గురించే మాట్లాడతాను.

మా మేనత్తకు శుక్లాల ఆపరేషన్ అయింది. చక్కగా చేశారు. ఇంటికి మూడు సీసాలిచ్చి పంపారు. మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, కన్ను ఎండిపోకుండా జిగురుగా ఉండే చుక్కలు. కొన్నాళ్లకు ఫోన్ చేసి, ‘ఒరేయ్, ఎరుపు తగ్గలేదురా, మందులు పనిచేయట్లేదు, డాక్టర్ని మారుస్తాను’ అంది. మందుల్ని తిట్టేముందు వేసే తీరు చూద్దామని వెళ్లాను.

వాళ్లబ్బాయి ఆఫీసుకు బయల్దేరుతూ హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు. ‘అమ్మా, పైకి చూడు’ అన్నాడు. మొదటి సీసా రెండు చుక్కలు, రెండోది రెండు, మూడోది రెండు. అర నిమిషంలో అయిపోయింది. ఆవిడ బుగ్గ మీదుగా మెడదాకా మందు కారింది. కొంగుతో తుడుచుకుంది. డబ్బులు పెట్టి కొన్న మందులో ఎక్కువ భాగం ఆ కొంగుకే వైద్యం చేసింది.

ఎందుకలా అవుతుందో చెబుతాను. చుక్కల సీసా నుంచి పడే ఒక్క చుక్క సుమారు 30 నుంచి 50 మైక్రోలీటర్లు. మన కింది రెప్ప వెనకుండే సంచిలో ఎంత నింపినా 30 మైక్రోలీటర్లకు మించి నిలవదు. అంటే మొదటి చుక్కకే నిండిపోతుంది. వెంటనే ఇంకో మందు పోస్తే, నిండిన గ్లాసులో నీళ్లు పోసినట్టే, కొత్తది పొర్లుతూ పాతదాన్నీ కడిగేస్తుంది. కాబట్టి ఒక మందుకు ఒక చుక్క చాలు. మందుకూ మందుకూ మధ్య కనీసం అయిదు నిమిషాలు. గోడ గడియారం చూసి అయిదు నిమిషాలండీ, మన అంచనాలో కాదు.

ఇక వరస. నీళ్లలా పలచగా ఉండేది ముందు. ఊపి వేసుకోవాల్సిన తెల్లటి మందు తర్వాత. జిగురుగా ఉండే చుక్కలు ఆ తర్వాత. ఆయింట్‌మెంట్ ఉంటే అన్నిటికంటే ఆఖరున. ఆయింట్‌మెంట్ ముందు పెడితే అది కంటి మీద జిడ్డు పొరలా పరుచుకుంటుంది, తర్వాత వేసిన చుక్క లోపలికి దిగదు. డాక్టరు చీటీలో వేరే వరస రాసుంటే మాత్రం అదే పాటించండి.

మా అత్తకు కాగితం మీద రాసి గోడకు అంటించాను. పొద్దున ఎనిమిదికి మాక్సిఫ్లాక్సాసిన్. ఎనిమిదీ అయిదుకు ప్రెడ్నిసొలోన్, బాగా ఊపి. ఎనిమిదీ పదికి జిగురు చుక్కలు. ఆ ప్రెడ్నిసొలోన్ సీసా వెలుతురుకు పట్టి చూస్తే మందంతా అడుగున తెల్లగా పేరుకుని ఉంది. ఊపకుండా వేసినన్నాళ్లూ పైనున్న తేటే కంట్లో పడింది. ఎరుపు ఎలా తగ్గుతుంది?

వేసే పద్ధతి కూడా చూడండి. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను చూపుడు వేలితో చిన్నగా కిందికి లాగి, పైకి చూడాలి. కంటిగుడ్డును నొక్కకూడదు, ఆపరేషన్ అయిన కన్నయితే అసలు కూడదు. సీసా ముక్కు రెప్పకు, వెంట్రుకలకు తగలకూడదు. తగిలితే కంట్లో మురికి సీసాలోకి చేరి అక్కడే పెరుగుతుంది. చుక్క పడ్డాక కళ్లు టపటపా ఆర్పకండి. మెల్లగా మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. చుక్క వేసుకున్నాక గొంతులో చేదు తగిలినవాళ్లు చేతులెత్తండి... చూశారా, సగం మంది! కన్నీటి గొట్టం ముక్కులోకి, అక్కణ్ణించి గొంతులోకి వెళ్తుంది. నీటికాసులకు వాడే టిమొలాల్ ఆ దారిన రక్తంలో కలిస్తే గుండె వేగం తగ్గొచ్చు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం రావచ్చు. ఉబ్బసం ఉందని కంటి డాక్టరుకు చెప్పనివాళ్లు ఈ హాల్లో ఉంటే రేపే చెప్పండి.

చేయి వణికేవాళ్లు పడుకుని కన్ను మూసుకుని, ముక్కు వైపు మూలలో చుక్క వేయించుకుని, అప్పుడు కన్ను తెరవండి. దానంతటదే జారుతుంది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. కానీ సీసా సంగతి చెప్పకుండా దిగను. సీసా మీద అచ్చేసిన ఎక్స్‌పైరీ, మూత తీయని సీసాకి. మూత తీశాక సాధారణంగా 28 రోజులు, అంటే నాలుగు వారాలు. కొన్నిటికి ఇంకా తక్కువ, కొన్నిటికి కాస్త ఎక్కువ. అది లేబుల్ మీదే ఉంటుంది, కాకపోతే ఆ అక్షరాలు చదవాలంటే ముందు శుక్లాల ఆపరేషన్ అయి ఉండాలి! అందుకే తెరిచిన రోజే బాల్‌పెన్నుతో డబ్బా మీద తేదీ వేయండి. మార్చి 5న తెరిస్తే ఏప్రిల్ 2న పారేయాలి, సగం మిగిలినా సరే. ప్రిజర్వేటివ్ లేని చిన్న ప్లాస్టిక్ గొట్టాలైతే ఒక్కసారికే.

తెరవడమన్నాను కదా. చాలా సీసాల మూతలోపల చిన్న ముల్లు ఉంటుంది. మూతను బిగించి తిప్పితే సరైన బెజ్జం పడుతుంది. మనవాళ్లు పిన్నీసుతో పొడుస్తారు. బెజ్జం పెద్దదై చుక్కకు బదులు ధార వస్తుంది, పిన్నీసు మురికీ లోపలికి పోతుంది.

మిగిలిన స్టెరాయిడ్ సీసాను మాత్రం దాచకండి. మిరప కోతలో, వరి నూర్పుల్లో కంట్లో నలక పడి ఎర్రబడితే ఇంట్లోవాళ్లు దాన్నే వేస్తారు. పొట్టు గీసుకుని నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు మొదలైతే స్టెరాయిడ్ దాన్ని ఇంకా పెంచుతుంది. పైకి ఎరుపు తగ్గినట్టుంటుంది, లోపల చూపు పోతుంది.

చెవి గురించి క్లుప్తంగా. ఫ్రిజ్‌లోంచి తీసిన చుక్కలు చల్లగా చెవిలో వేస్తే కళ్లు తిరుగుతాయి. సీసాను కొన్ని నిమిషాలు గుప్పిట్లో పట్టుకోండి. పక్కకు పడుకుని, పెద్దవాళ్లకైతే చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగాలి, మూడేళ్లలోపు పిల్లలకు కిందికీ వెనక్కీ. చుక్కలు వేసి అయిదు నిమిషాలు అలాగే ఉండండి. కర్ణభేరికి చిల్లు ఉన్నా, చీము కారుతున్నా డాక్టరు చూడకుండా గులిమి కరిగించే చుక్కలు వేయకండి.

కొన్ని సీసాల మీద ‘కంటికి, చెవికి’ అని రెండూ ఉంటాయి. అది చూసి అన్నీ అంతే అనుకుంటారు. చెవి మందు కంట్లో వేస్తే భగ్గుమని మంట. అలా పడితే ధారగా నీళ్లతో పావుగంట కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. సీసా కూడా పట్టుకెళ్లండి, ఏం పడిందో వాళ్లకు తెలియాలి. రెండూ ఒకే అలమరలో పెట్టకండి. ఒకే సీసా చెవికీ కంటికీ డాక్టరు రాస్తే రెండు సీసాలు కొనండి.

ఆపరేషన్ అయిన కంట్లో నొప్పి పెరిగినా, చూపు మసకబారినా, పుసులు కట్టినా చుక్కల వరస సరిచేసుకుంటూ కూర్చోకండి. అదే రోజు చూపించుకోండి. సంచుల్లో సీసాలు తెచ్చుకున్నవాళ్లు ఉండండి, భోజనాలయ్యేదాకా ఇక్కడే ఉంటాను, నా దగ్గర పెన్ను ఉంది.