కరెంటు లేకుండా టమాటా ఒరుగులు: వీడియో స్క్రిప్ట్

[దృశ్యం: మండీ బయట రోడ్డు పక్కన పారబోసిన టమాటాలు. మేక ఒకటి తింటోంది.]

మదనపల్లె వైపు ధర పడిపోయినప్పుడు ఇలాంటి దృశ్యాలు మామూలే. కోత కూలీ, క్రేటు బాడుగ కూడా రావడం లేదని రైతు రోడ్డు మీదే వదిలేసి వెళ్లిపోతాడు. వీటిని ఒరుగులు చేసి అమ్మొచ్చు కదా అని చాలామంది అంటారు. అయితే ఎలక్ట్రిక్ డ్రయ్యర్ కొంటే తంటా ఎక్కడొస్తుందో ముందు చూద్దాం.

[దృశ్యం: కోసిన టమాటా ముక్క దగ్గరగా. అంచు నుంచి రసం కారుతోంది.]

టమాటాలో నూటికి 95 వంతులు నీళ్లే. రెండు క్రేట్లు, అంటే సుమారు 50 కిలోలు తీసుకున్నారనుకుందాం. వాటి నుంచి 47 కిలోల నీళ్లు బయటికి పోవాలి. ఒక కిలో నీళ్లు ఆవిరి కావడానికి దాదాపు 0.7 యూనిట్ వేడి కావాలి, అంటే మొత్తం 33 యూనిట్లు. వేడి గాలితో పాటు బయటికి పోయేది కూడా కలిపితే 50 దాటినా ఆశ్చర్యం లేదు. బిల్లు సంగతి పక్కన పెడదాం. ముక్కలు సగం ఎండాక మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయిందనుకోండి. గోరువెచ్చగా, తడిగా ఉన్న పెట్టెలో అవి పులవడం మొదలుపెడతాయి. తలుపు తీస్తే ముందు వాసనే తెలిసిపోతుంది.

[దృశ్యం: మేడ మీద పాలిథీన్ కప్పిన పొడవాటి గుడారం. ఒక చివర మూడు చిన్న ఫ్యాన్లు, పక్కనే చిన్న సోలార్ ప్యానెల్.]

ఇది సోలార్ టన్నెల్ డ్రయ్యర్. మన లెక్క ఇందులో వేసి చూద్దాం. మన దగ్గర మంచి ఎండ రోజున చదరపు మీటరుకి సుమారు 5 యూనిట్ల వేడి పడుతుంది. 20 చదరపు మీటర్ల గుడారం మీద 100 యూనిట్లు. అందులో నాలుగో వంతు నీళ్లను లాగడానికి పనికొచ్చినా 25 యూనిట్లు, అంటే రోజుకి 35 కిలోల నీళ్లు. రెండో రోజు ముక్క లోపలి తడి బయటికి రావడానికి మొరాయిస్తుంది కాబట్టి అంత పోదు. అయినా రెండు రోజుల్లో రెండు క్రేట్లు పూర్తవుతాయి. అమ్మేవాడు చెప్పే "కెపాసిటీ" కన్నా ఈ నీళ్ల లెక్కే నమ్మండి.

నాకు ఇందులో బాగా నచ్చింది ఫ్యాన్ల ఏర్పాటు. 12 వోల్టుల డీసీ ఫ్యాన్లు, 40 వాట్ల ప్యానెల్‌కి నేరుగా కలిపేశారు. బ్యాటరీ లేదు. ఎండ పెరిగితే లోపల వేడి పెరుగుతుంది, అదే ఎండకి ఫ్యాన్లూ జోరందుకుని గాలిని ఎక్కువగా లాగుతాయి. మబ్బు పడితే రెండూ నెమ్మదిస్తాయి. ఊళ్లో కరెంటు ఉందో పోయిందో దీనికి తెలియనే తెలియదు.

[దృశ్యం: లోపల వేలాడదీసిన థర్మామీటరు. 58 డిగ్రీలు.]

50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంచాలి. త్వరగా అవుతుందని గాలి దారులు మూసేసి వేడి పెంచితే పైపొర గట్టిపడి లోపలి తడి ఇరుక్కుపోతుంది. చూడ్డానికి బాగా ఎండినట్టే ఉంటుంది, వారం తర్వాత ప్యాకెట్లో బూజు కనిపిస్తుంది. దీన్ని ముందే పట్టుకోవచ్చు. చల్లారిన ముక్కలు గాజు సీసాలో వేసి మూత బిగించి ఒక రాత్రి ఉంచండి. పొద్దున సీసా లోపల చెమ్మ పట్టిందంటే అవి మళ్లీ ట్రేల మీదికి పోవాల్సిందే.

అసలు గండం మొదటి రాత్రి. ఫ్యాన్లు ఆగిపోతాయి, చల్లబడిన పాలిథీన్‌కి ఆవిరి పట్టి చుక్కలు చుక్కలుగా ముక్కల మీదే పడుతుంది. అందుకే పొద్దున ఏడింటికల్లా కోసి పరవాలి. సాయంత్రం చల్లబడక ముందే ట్రేలు తీసి గదిలో పేర్చి పల్చటి గుడ్డ కప్పాలి. ఉదయం పదికి మొదలుపెడితే ఆ రాత్రి ముక్కలు ఇంకా పచ్చిగానే ఉంటాయి. ముసురు పట్టిన రోజున మాత్రం అసలు కోయకండి. వానాకాలంలో కూడా నడపాలంటే కట్టెల పొయ్యి వేడిని జోడించాలి, అది ఇంకో ఖర్చు.

[దృశ్యం: త్రాసు మీద ఎర్రటి ఒరుగులు. 2.8 కిలోలు.]

50 కిలోలకి దక్కేది ఇంతే. టమాటా కిలో 6 రూపాయలకి కొంటే, ఒక కిలో ఒరుగులకి సరుకు ఖర్చే సుమారు 107. అదే టమాటా 30కి పోతే 535. కూలీ, ప్యాకింగ్ దీని మీద వేసుకోవాలి. ధర ఎక్కిన రోజుల్లో టమాటా జోలికి పోకుండా అదే గుడారంలో కరివేపాకో, మునగాకో ఎండబెట్టుకోవాలి. వాటికి మాత్రం నేరుగా ఎండ తగిలితే రంగు పోతుంది. పైన నల్ల షేడ్ నెట్ ఒకటి పరుచుకోండి.

[దృశ్యం: సాయంత్రం, ఒకావిడ ట్రేలు లోపలికి మోసుకెళ్తోంది. వెనక ఫ్యాన్లు నెమ్మదిగా ఆగుతున్నాయి.]